ఓవర్‌హ్యాంగింగ్ బీమ్ కొసన కపుల్ ఉంటే షియర్, మూమెంట్ డయాగ్రమ్‌లు ఎలా గీయాలి?

ప్రశ్న: సార్, నేను డిప్లొమా సివిల్ రెండో సంవత్సరం. A దగ్గర హింజ్, B దగ్గర రోలర్, AB 6 మీటర్లు, BC 2 మీటర్ల ఓవర్‌హ్యాంగ్. C కొసన 12 kN·m క్లాక్‌వైజ్ కపుల్ ఒక్కటే ఉంది. ఫ్రీ ఎండ్‌లో మూమెంట్ సున్నా కావాలి కదా అని 12ని 2తో భాగించి, C దగ్గర 6 kN లోడ్ కిందికి పెట్టి గీశాను. బీఎండీ చక్కగా సున్నాకి వచ్చి మూసుకుంది. అయినా మా సార్ తప్పన్నారు. ఎక్కడ తప్పు? అసలు ఇలాంటి కపుల్ బయట ఎక్కడ వస్తుంది?

జవాబు:

మీ తప్పు సులువుగా కంటికి కనపడదు. అందుకే ముందు మీ పద్ధతిలోనే లెక్క చేసి చూద్దాం. C దగ్గర 6 కిలోన్యూటన్లు కిందికి పెట్టారు. A చుట్టూ మూమెంట్లు తీసుకుంటే 6 × 8 = 48. దాన్ని 6తో భాగిస్తే B దగ్గర 8 కిలోన్యూటన్లు పైకి, A దగ్గర 2 కిలోన్యూటన్లు కిందికి వస్తాయి. AB మధ్య షియర్ −2. B దగ్గర మూమెంట్ −12.

ఇప్పుడు కపుల్‌ని కపుల్‌గానే ఉంచి చేస్తే ఏమొస్తుందో చూడండి. A దగ్గర 2 కిందికే. AB మధ్య షియర్ −2. B దగ్గర మూమెంట్ −12. అంటే AB భాగమంతా రెండు లెక్కల్లోనూ అచ్చు గుద్దినట్టు ఒకటే. తేడా రెండు చోట్లే ఉంది: B రియాక్షన్ మీకు 8 వచ్చింది, రావాల్సింది 2. ఇక B నుంచి C దాకా ఉన్న రెండు మీటర్లలో మీ డయాగ్రమ్‌లు రెండూ తప్పు. మీకు అక్కడ షియర్ +6 వచ్చింది, అసలు షియర్ సున్నా. మీకు మూమెంట్ −12 నుంచి సున్నాకి ఏటవాలుగా దిగింది, అసలు మూమెంట్ C దాకా −12 దగ్గరే నిలబడి ఉండాలి. AB సరిగ్గా వచ్చి, బీఎండీ మూసుకుంటే ఎవరికైనా లెక్క సరైందనే అనిపిస్తుంది. నిలువు బలాల మొత్తం చూసుకున్నా పట్టుబడదు, ఎందుకంటే 8 − 2 − 6 కూడా సున్నాయే. కానీ ప్రశ్నలో ఎక్కడా లేని 6 కిలోన్యూటన్ల లోడ్‌ని మీరు బీమ్ మీద పెట్టారు. అసలు బీమ్ మీద బయటి నిలువు లోడే లేదు కాబట్టి A, B రియాక్షన్లు రెండే ఒకదానికొకటి సరిపోవాలి. 8, 2 ఒకదానికొకటి సరిపోవు. ఇలాంటి లెక్కలో మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే.

ఇక మిమ్మల్ని ఈ దారి పట్టించిన మాట, "ఫ్రీ ఎండ్‌లో మూమెంట్ సున్నా". ఈ మాట క్లాసులో అందరం వింటాం, సగమే వింటాం. ఫ్రీ ఎండ్ మీద బయటి నుంచి కపుల్ ఏదీ లేనప్పుడు మూమెంట్ సున్నా అన్నది పూర్తి మాట. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, కోసి చూస్తే తెలుస్తుంది. C కొస నుంచి ఒక్క సెంటీమీటరు లోపలికి వచ్చి బీమ్‌ని అడ్డంగా కోయండి. కుడిచేతి వైపు ఒక సెంటీమీటరు ముక్క మిగిలింది. దాని మీద బయటి నుంచి ఏముంది? 12 కిలోన్యూటన్-మీటర్ల కపుల్ ఉంది, అది ముక్కని సవ్యదిశలో తిప్పాలని చూస్తోంది. ముక్క తిరగకుండా ఉందంటే, కోసిన తలం దగ్గర మిగతా బీమ్ దాన్ని అపసవ్యదిశలో అంతే గట్టిగా పట్టుకుంది. ఆ పట్టే బెండింగ్ మూమెంట్. ఆ ముక్క మీద నిలువు బలం ఏదీ లేదు కాబట్టి కోసిన తలంలో షియర్ అవసరమే లేదు. ఒక సెంటీమీటరు దగ్గర కాకుండా ఒక మీటరు దగ్గర కోయండి, B కి ఆనుకుని కుడివైపు కోయండి, మాట మారదు. కుడి ముక్క మీద ఉన్నది అదే కపుల్. దూరంతో గుణించడానికి అక్కడ బలమే లేదు. అందుకే BC అంతటా షియర్ సున్నా, మూమెంట్ ఒకే విలువ.

గుర్తు కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. బీమ్ కొసని సవ్యదిశలో తిప్పితే కొస కిందికి వాలుతుంది, పైభాగం సాగుతుంది. అది హాగింగ్. సాగింగ్‌ని ప్లస్ అనుకుంటే ఇది మైనస్. కాబట్టి −12.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి కపుల్ అంటే బలయుగ్మం. ఆ పేరులోనే దాని స్వభావం ఉంది: సమానమైన, ఎదురెదురు దిశల్లో ఉన్న రెండు బలాల జంట. జంట మొత్తం బలం సున్నా, మిగిలేది తిప్పుడు ఒక్కటే. దాన్ని లెక్కలో ఒక్క బలంగా మార్చడం ఎలాగూ కుదరదు. మీరు చేసింది అదే. మార్చాలంటే జంటగానే మార్చాలి. ఒకసారి అలా మార్చి చూడండి, బీఎండీలో వచ్చే నిలువు మెట్టు ఎక్కడిదో అర్థమవుతుంది.

C దగ్గర 60 కిలోన్యూటన్లు కిందికి, దానికి 0.2 మీటరు ఎడమగా 60 కిలోన్యూటన్లు పైకి పెట్టండి. 60 × 0.2 = 12, దిశ సవ్యం. ఇప్పుడు B నుంచి కుడివైపు నడవండి. మొదటి 1.8 మీటర్లు షియర్ సున్నా, మూమెంట్ −12. పైకి ఉన్న 60 దగ్గరికి రాగానే షియర్ ఒక్కసారిగా +60 అవుతుంది, ఆ 0.2 మీటరు అలాగే ఉండి C దగ్గర మళ్లీ సున్నాకి పడుతుంది. అదే 0.2 మీటరులో మూమెంట్ −12 నుంచి సున్నాకి నిటారుగా ఎక్కుతుంది, ఎందుకంటే షియర్ డయాగ్రమ్ వైశాల్యం 60 × 0.2, అంటే 12. ఇప్పుడు ఆ రెండు బలాల్నీ దగ్గరికి జరపండి: 120 చొప్పున 0.1 మీటరు దూరంలో, 600 చొప్పున 0.02 మీటరు దూరంలో. షియర్ డయాగ్రమ్‌లో ఆ మేకు సన్నబడుతూ పొడవవుతుంది, వైశాల్యం మాత్రం 12గానే ఉంటుంది. బీఎండీలో ఎక్కుడు ఇంకా నిటారవుతుంది. చివరికి మనం గీసే బొమ్మలో మేకు కనపడకుండా పోతుంది, ఎక్కుడు నిలువు గీత అవుతుంది. పుస్తకాల్లో "కపుల్ ఉన్నచోట షియర్ మారదు, మూమెంట్ దూకుతుంది" అని రాసేది దీని గురించే. మీ బీఎండీ మూసుకోవాలి అన్నది నిజమే. అది C దగ్గర నిలువు గీతతో మూసుకుంటుంది, BC పొడవునా ఏటవాలుగా దిగి కాదు.

ఎడమ నుంచి కుడికి వెళ్తున్నప్పుడు సవ్యదిశ కపుల్ దగ్గర మూమెంట్ పైకి దూకుతుంది, అపసవ్య కపుల్ దగ్గర కిందికి. ఇది చాలామంది తారుమారు చేస్తారు, ఎందుకంటే సవ్య కపుల్ BC లో హాగింగ్ తెచ్చింది కదా, కాబట్టి మైనస్ వైపు దూకాలి అనిపిస్తుంది. దూకుడు −12 నుంచి సున్నాకి, అంటే +12. అనుమానం వస్తే ఆ ఒక సెంటీమీటరు ముక్కని మళ్లీ కోసుకోండి.

ఇప్పుడు మొత్తం లెక్క వరసగా:

```
A చుట్టూ:  RB × 6 = 12      →  RB = 2 kN (పైకి)
నిలువుగా:  RA + RB = 0      →  RA = −2 kN (కిందికి)

A–B:  V = −2          M = −2x       (x = 0 → 0,  x = 6 → −12)
B–C:  V = −2 + 2 = 0  M = −12
C :   M = −12 + 12 = 0
```

ఎస్ఎఫ్‌డీ: A దగ్గర సున్నా నుంచి −2కి దిగి, B దాకా అడ్డంగా వెళ్లి, అక్కడ సున్నాకి ఎక్కి, అక్కణ్నుంచి C దాకా గీత మీదే. బీఎండీ: A దగ్గర సున్నా, ఏటవాలుగా B దగ్గర −12, C దాకా సమాంతరంగా −12, C దగ్గర నిలువుగా సున్నాకి.

రియాక్షన్ల లెక్కలో 2 మీటర్ల ఓవర్‌హ్యాంగ్ ఎక్కడా రాలేదు, గమనించారా? కపుల్‌కి ఏ బిందువు చుట్టూ తీసుకున్నా మూమెంట్ ఒకటే. BC 2 మీటర్లు ఉన్నా, అర మీటరే ఉన్నా, A, B రియాక్షన్లు 12/6 అంటే 2 చొప్పునే. కపుల్‌ని తెచ్చి B మీదే పెట్టినా అంతే. కానీ ఇక్కడో జాగ్రత్త ఉంది. కపుల్ ఎక్కడున్నా ఒకటే అన్న మాట రియాక్షన్ల వరకే చెల్లుతుంది. బీఎండీకి దాని చోటు చాలా ముఖ్యం. కపుల్ B మీద ఉంటే BC లో మూమెంట్ సున్నా, C మీద ఉంటే BC అంతటా 12. రియాక్షన్లు చూసి "జరిపినా ఫరవాలేదు" అనుకుని బీఎండీలో కూడా జరిపేసినవాళ్లని చాలామందిని చూశాను.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే చేత్తో చూడండి. సన్నగా వంగే 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. టేబుల్ మీద రెండు పెన్సిళ్లు సమాంతరంగా పెట్టి, వాటి మీద స్కేలు ఉంచండి. ఎడమ పెన్సిల్ స్కేలు ఎడమ కొస కింద, కుడి పెన్సిల్ స్కేలు మీద 20 సెంటీమీటర్ల గీత దగ్గర. కుడి కొసని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, కిందికి నొక్కకుండా స్కేలు మెలిపడకుండా, పక్కనుంచి చూస్తే సవ్యదిశ అయ్యేలా తిప్పండి. ఎడమ కొస పెన్సిల్ మీంచి లేస్తుంది. దాన్ని లేవకుండా ఇంకో చేతి వేలితో నొక్కి పట్టుకోవాలి. ఆ వేలికి తెలిసేదే A దగ్గర కిందికి ఉన్న రియాక్షన్. ఇప్పుడు ఎవరినైనా పక్కనుంచి చూసి చెప్పమనండి. పెన్సిళ్ల మధ్య స్కేలు పైకి ఉబ్బుతుంది, కానీ ఒకే తీరుగా కాదు: ఎడమ కొస దగ్గర దాదాపు తిన్నగా ఉండి, కుడి పెన్సిల్ దగ్గరికి వచ్చేకొద్దీ వంపు పెరుగుతుంది. కుడి పెన్సిల్ దాటాక మాత్రం చేతివేళ్ల దాకా వంపు ఒకే తీరుగా, చేతిగాజు ముక్కలా గుండ్రంగా ఉంటుంది. వంపు ఎంతన్నది మూమెంట్‌ని బట్టి ఉంటుంది కాబట్టి, మీ బీఎండీనే ఆ స్కేలు చూపిస్తోంది: AB లో త్రిభుజం, BC లో దీర్ఘచతురస్రం. అదే కొసని తిప్పకుండా ఊరికే కిందికి నొక్కి చూడండి. అప్పుడు వంపు కుడి పెన్సిల్ దగ్గర ఎక్కువగా ఉండి, వేలి దగ్గరికి వచ్చేసరికి స్కేలు తిన్నగా అయిపోతుంది. అది మీరు గీసిన డయాగ్రమ్.

కొస ఎంత దిగుతుందన్నది కూడా రెండింటికీ వేరు. B దగ్గర మూమెంట్ M₀, AB పొడవు L, BC పొడవు a, కొస లోడ్ P అనుకుంటే, B దగ్గర వాలు M₀L/3EI, రెండింటికీ ఒకటే. దానివల్ల కొస 48/EI దిగుతుంది. BC తనంతట తాను వంగినందుకు కపుల్‌కి M₀a²/2EI, అంటే 24/EI; మీ 6 కిలోన్యూటన్ల లోడ్‌కి Pa³/3EI, అంటే 16/EI. మొత్తం 72/EI, 64/EI.

ఇక మీ రెండో ప్రశ్న. బీమ్ కొసని ఎవరో వచ్చి తిప్పరు కదా, కపుల్ ఎలా వస్తుంది? మన ఊళ్లలో రోజూ కనపడేదే చెప్తాను. బాల్కనీ అంచున, లేదా మేడ మీద బయటికి పొడుచుకొచ్చిన బీమ్‌ల కొసన హోర్డింగ్ నిలబెడతారు. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న బోర్డు, దాని మధ్యభాగం బీమ్‌కి 2 మీటర్ల పైన ఉందనుకోండి. గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 1 కిలోన్యూటన్ అనుకుంటే బోర్డు మీద అడ్డంగా 6 కిలోన్యూటన్లు. అది బీమ్‌కి 2 మీటర్ల పైన పనిచేస్తోంది. మొత్తం ఒకే బీమ్ మీదికి వస్తే కొస దగ్గర 6 కిలోన్యూటన్ల అడ్డబలం, 12 కిలోన్యూటన్-మీటర్ల కపుల్. అడ్డబలం బీమ్ పొడవునా వెళ్లి A దగ్గర హింజ్‌కి చేరుతుంది, షియర్‌లోకీ మూమెంట్‌లోకీ రాదు. కపుల్ మాత్రం అచ్చంగా మీ ప్రశ్నలో ఉన్నదే. రెయిలింగ్ మీద మనుషులు ఆనుకుని తోసినా ఇదే జరుగుతుంది, అంకెలే చిన్నవి.

అయితే నిజం బీమ్ మీద కపుల్ ఒక్కటే ఉండదు. AB మీద స్లాబ్ బరువు మీటరుకి 4 కిలోన్యూటన్లు ఉందనుకుందాం. లెక్క తేటగా ఉండాలని BC మీద బరువునీ, బోర్డు బరువునీ వదిలేస్తున్నాను. స్లాబ్ బరువు ఒక్కదానికే A, B దగ్గర 12 చొప్పున పైకి రియాక్షన్, మధ్యలో మూమెంట్ wL²/8, అంటే 18. దీనికి కపుల్ వల్ల వచ్చినవి కలిపితే A దగ్గర 12 − 2 = 10, B దగ్గర 12 + 2 = 14.

```
V = 10 − 4x            V = 0  →  x = 2.5 m
M = 10x − 2x²          x = 2.5 →  M = +12.5
                       x = 5   →  M = 0
                       x = 6   →  M = −12
B–C:  V = 0            M = −12
```

షియర్ A దగ్గర +10, 2.5 మీటర్ల దగ్గర సున్నా, B కి ఎడమన −14, B రియాక్షన్ 14 కలవగానే సున్నా. వైశాల్యాలతో సరిచూసుకోండి: సున్నాకి ఎడమ త్రిభుజం ½ × 10 × 2.5 = 12.5, కుడి త్రిభుజం ½ × 14 × 3.5 = 24.5. రెండింటి తేడా −12, అదే B దగ్గర మూమెంట్. సరిపోయింది.

ఇందులో ముఖ్యమైనది 5 మీటర్ల దగ్గర మూమెంట్ సున్నా కావడం. అది కాంట్రాఫ్లెక్చర్ పాయింట్. దానికి ఎడమన బీమ్ కింది వైపు సాగుతుంది, కుడివైపున పైభాగం సాగుతుంది. అంటే B కి ఒక మీటరు లోపల నుంచి C కొస దాకా, మొత్తం మూడు మీటర్లు, ప్రధాన కడ్డీలు పైన ఉండాలి.

ఇప్పుడు గాలి ఎదురు దిక్కు నుంచి వీస్తే? బోర్డు లోపలికి వాలబోతుంది, కపుల్ అపసవ్యదిశకి మారుతుంది. A దగ్గర 14, B దగ్గర 10. షియర్ సున్నా అయ్యేది 3.5 మీటర్ల దగ్గర. అక్కడ మూమెంట్ 14 × 3.5 − 2 × 3.5² = 24.5. B దగ్గర +12, BC అంతటా +12, C దగ్గర నిలువుగా సున్నాకి పడుతుంది. ఎక్కడా హాగింగ్ లేదు, కాంట్రాఫ్లెక్చర్ కూడా లేదు. ఒకే బోర్డు, ఒకే గాలి వేగం, దిక్కు మారేసరికి స్పాన్ మూమెంట్ 12.5 నుంచి 24.5కి, దాదాపు రెట్టింపు. పరీక్షలో దిశ ఇచ్చేస్తారు. సైట్‌లో రెండు దిశలకీ రెండు బీఎండీలు గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ప్రతి చోటా ఏది పెద్దదో దానికి కడ్డీ వేయాలి. మామూలు ఓవర్‌హ్యాంగ్‌లో కింది కడ్డీలకి పెద్ద పని ఉండదు. ఇక్కడ BC లో కింద కూడా పైన వేసినంతే కడ్డీ కావాలి.

మీరు గీసిన త్రిభుజం ఎందుకు ప్రమాదమో ఇక్కడ చెప్పాలి. మామూలు కాంటిలీవర్‌లో మూమెంట్ కొస వైపు తగ్గుతుంది కాబట్టి పై కడ్డీల్లో సగాన్ని మధ్యలో ఆపేస్తారు. మేస్త్రీలకి అది చేతికి అలవాటైన పని. చాలా ఏళ్ల కిందట నేను చూడ్డానికి వెళ్లిన ఒక భవనంలో సరిగ్గా అలా జరిగింది. బీమ్ కొసన బోర్డు ఫ్రేమ్ నిలబెట్టారు, పై కడ్డీలు నాలుగింటిలో రెండింటిని ఓవర్‌హ్యాంగ్ మధ్యలో కత్తిరించారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి బీమ్ పైన, కడ్డీలు ఆగినచోటికి కాస్త అటువైపు, అడ్డంగా పగులు వచ్చింది. గోరు దూరేంత. సపోర్ట్ దగ్గర మాత్రం వెంట్రుక పగులు కూడా లేదు. సైట్ ఇంజనీరు ముందు సపోర్ట్ దగ్గరే వెతికాడు, ఎందుకంటే కాంటిలీవర్‌లో మూమెంట్ ఎక్కువ ఉండేది అక్కడేనని అందరికీ తెలుసు. పగులు మధ్యలో ఉండటం చూసి కాంక్రీటు బాగా లేదనుకున్నాడు. కాంక్రీటు బాగానే ఉంది. మూమెంట్ అక్కడ కూడా సపోర్ట్ దగ్గరున్నంతే ఉంది, కడ్డీ మాత్రం సగమే ఉంది. అతను పెట్టుకున్న లెక్క కాగితం చూస్తే, కపుల్‌ని ఓవర్‌హ్యాంగ్ పొడవుతో భాగించి కొస లోడ్‌గా రాసి ఉంది. మీ ప్రశ్న చదవగానే నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది.

కడ్డీ ఎంత కావాలో ఒక అంచనా. 230 × 300 బీమ్, ఎఫెక్టివ్ డెప్త్ 260 మిల్లీమీటర్లు, Fe 415 కడ్డీ. 12కి 1.5 లోడ్ ఫ్యాక్టర్ పెడితే 18. లివర్ ఆర్మ్ 0.9d అనుకుంటే:

```
Ast = 18×10⁶ / (0.87 × 415 × 0.9 × 260) ≈ 213 mm²
```

12 ఎమ్ఎమ్ కడ్డీలు రెండు వేస్తే 226 వస్తుంది, చాలు. కష్టం కడ్డీ సంఖ్యలో కాదు, అది కొస దగ్గర పట్టు దొరికించుకోవడంలో ఉంది. M20 కాంక్రీటులో 12 ఎమ్ఎమ్ కడ్డీకి డెవలప్‌మెంట్ లెంగ్త్ వ్యాసానికి 47 రెట్లు, అంటే దాదాపు 565 మిల్లీమీటర్లు. మామూలు కాంటిలీవర్ కొసలో కడ్డీలో బలమే ఉండదు కాబట్టి ఈ పొడవు గురించి ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ కొస దాకా మూమెంట్ పూర్తిగా ఉంది, కాబట్టి కడ్డీ కొస దగ్గరే పూర్తి బలాన్ని పట్టాలి. 300 లోతున్న బీమ్‌లో కడ్డీని కిందికి వంచినా 240కి మించి కాలు దొరకదు. పై కడ్డీని కొస దగ్గర కిందికి తిప్పి, కింది కడ్డీగా వెనక్కి తీసుకెళ్లి యూ ఆకారంలో వేయడం ఒక దారి. రెండు దిశల గాలికీ అది పనికొస్తుంది. పోస్ట్‌ని అంచు మీద కాకుండా అర మీటరు లోపలికి జరపడం ఇంకో దారి. వీలైతే నేను రెండోదే చేయిస్తాను, ఎందుకంటే పోస్ట్ దాటిన తర్వాత BC లో మూమెంట్ సున్నా, ఆ అర మీటరంతా కడ్డీ పట్టుకోవడానికి దొరుకుతుంది.

మనం గీసే సిద్ధాంతం కపుల్ పడే చోటికి మరీ దగ్గర్లో అంత ఖచ్చితంగా పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోండి. బీమ్ లోతంత దూరం, ఇక్కడైతే ఓ 300 మిల్లీమీటర్లు, పోస్ట్ బేస్‌ప్లేట్ బోల్టులు లాగే తీరుని బట్టి ఒత్తిడి చెల్లాచెదురుగా ఉంటుంది. ఆ దూరం దాటాక కపుల్ బోల్టుల లాగుడు-తోపుగా వచ్చినా, రెండు నిలువు బలాలుగా వచ్చినా బీమ్‌కి తేడా తెలియదు. అందుకే కొస దగ్గర షియర్ సున్నా అని డయాగ్రమ్ చెప్పినా, అక్కడ స్టిరప్‌లు దూరం చేయకండి. పోస్ట్ కింద 100 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున వేయించండి.

A దగ్గర లేచిపోయే సంగతి. స్లాబ్ బరువు ఉన్నప్పుడు A రియాక్షన్ 10 పైకే ఉంది కాబట్టి భయం లేదు; A లేవాలంటే M₀/6 = 12 కావాలి, అంటే 72 కిలోన్యూటన్-మీటర్ల కపుల్. కానీ మీ ప్రశ్నలోలా బీమ్ మీద ఇంకేమీ లేకపోతే, స్టీల్ బీమ్‌ని ఊరికే గోడ మీద ఆనించి షెడ్డుకి బోర్డు కట్టినట్టయితే, A దగ్గర 2 కిలోన్యూటన్ల లాగుడు నిజంగా ఉంటుంది. అక్కడ హోల్డింగ్ డౌన్ బోల్టు లేకపోతే మొదటి గాలివానకే A కొస గోడ మీంచి లేస్తుంది. గాలి తిరగబడితే లాగుడు B దగ్గరికి మారుతుంది, కాబట్టి అక్కడా బోల్టు కావాలి. రోలర్ అంటే కిందనుంచి మోసేదే అని బొమ్మలో అనిపిస్తుంది గానీ, ఈ లెక్కలో రెండు సపోర్ట్‌లూ రెండు వైపులా పట్టుకోగలవని మనం అనుకుంటున్నాం.

మీ నోట్‌బుక్‌లో ఆ 6 కిలోన్యూటన్లు కొట్టేసి, BC లో మూమెంట్ గీతని −12 దగ్గర సమాంతరంగా C దాకా లాగి, అక్కడ నిలువుగా సున్నాకి ఎక్కించండి. B రియాక్షన్ 8 తీసేసి 2 రాయండి. AB వైపు చెరపాల్సిందేమీ లేదు.